కిడ్నీ రాయిని పడగొట్టింది అరటి దవ్వ రసమా, నీళ్లా?

గత ఏప్రిల్‌లో ఒక రాత్రి రెండు గంటలకు మా చిన్నాన్న కొడుకు ఎడమ నడుము పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. కూర్చుంటే నొప్పి, పడుకుంటే నొప్పి, నిలబడితే నొప్పి. అపెండిక్స్ వాచినవాడు కదలకుండా పడుకుంటాడు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి పోయే మూత్రనాళంలో రాయి ఇరుక్కున్నవాడికి మాత్రం ఏ పక్కకు తిరిగినా కుదురు దొరకదు. తెల్లవారి తీసిన స్కానింగ్‌లో సంగతి తేలింది. ఎడమ మూత్రనాళం కింది భాగంలో 4 మిల్లీమీటర్ల రాయి ఉంది. దాని పైన కిడ్నీ కొద్దిగా ఉబ్బింది.

వాడు విశాఖ పోర్టులో క్రేన్ నడుపుతాడు. నొప్పికి ఇంజెక్షన్ చేయించుకుని ఇంటికి వచ్చేసరికి మా పిన్ని పూర్ణా మార్కెట్ నుంచి అరటి దవ్వ తెప్పించింది. పై పొరలు వలిచి, తెల్లటి నడిమి భాగాన్ని చక్రాలుగా కోసి, నల్లబడకుండా మజ్జిగలో వేసి, వేలికి చుట్టుకుంటున్న పీచును తీసేసి, మిక్సీలో తిప్పి వడకట్టింది. రోజూ పరగడుపున ఒక గ్లాసు దవ్వ రసం, పగలంతా సీసాలో లీటరు బార్లీ నీళ్లు. తొమ్మిదో రోజు మూత్రంలో రాయి పడింది. "అన్నయ్యా, చూశావా, దవ్వ రసం కోసేసింది" అని ఫోన్ చేశాడు. పడిన రాయిని కాగితంలో మడిచి దాచిపెట్టాడు కూడా. నేనడిగితే విప్పి చూపించాడు. గోధుమ రంగులో, గరుకుగా, ఆవగింజ కంటే కాస్త పెద్దగా ఉంది.

రాయి పడిన మాట నిజం. దవ్వ రసం దాన్ని కోసిందన్న మాట దగ్గరే నాకు పేచీ.

ముందుగా, 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు ఏ రసమూ తాగకపోయినా మూడింట రెండు వంతులు వాటంతట అవే పడిపోతాయి. చాలావరకు నాలుగు వారాల్లోపే. కాబట్టి ఇంత చిన్న రాయి వచ్చిన వందమందీ దవ్వ రసం తాగితే అరవై డెబ్బై మంది దాని మహిమ చెప్పుకుంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, కానీ తాగనివాళ్లకూ పడిందన్న లెక్క వాళ్ల దగ్గర ఉండదు. 5 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య ఉన్నవి దాదాపు సగమే పడతాయి. అంతకంటే పెద్దవైతే సొంతంగా పడటం అరుదు.

ఇక కరిగించడం సంగతి. మన దగ్గర వచ్చే రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్. ఈ పదార్థం నీళ్లలో ఎంత తక్కువ కరుగుతుందంటే, లీటరు మంచినీళ్లకు ఏడు మిల్లీగ్రాములు కూడా కష్టమే. మూత్రం మంచినీళ్లు కాదు. రాయి వచ్చే మనిషి మూత్రంలో కాల్షియం, ఆక్సలేట్ అప్పటికే కరగగలిగిన దాని కంటే ఎక్కువగా ఉంటాయి. బెల్లం పాకం ముదిరాక అందులో ఇంకో ముక్క వేస్తే కరగదు, గడ్డకడుతుంది. ఇక్కడ జరిగేదీ అదే. రాయిని గ్లాసెడు రసంలో వేసి కరిగిందని చూపించే వీడియోల గురించి ఒక్క మాట. తాగిన రసం రాయి దగ్గరకు పోదు. పేగుల్లోకి పోయి, జీర్ణమై, రక్తంలో కలిసి, కిడ్నీ వడపోసినప్పుడు అందులోని కొన్ని లవణాలు మాత్రమే మూత్రంలోకి వస్తాయి. గ్లాసులో రాయి మునిగిన రసానికీ, కిడ్నీలో రాయి మునిగిన ద్రవానికీ పోలికే లేదు.

దవ్వ మీద పరిశోధన అసలు జరగలేదని అనలేం. 1990లలో ఎలుకల మీద ప్రయోగాలు జరిగాయి. వాటికి ఆక్సలేట్ పెంచే పదార్థం పెట్టి, ఆ తర్వాత దవ్వ సారం ఇస్తే మూత్రంలో ఆక్సలేట్ తగ్గింది. ఆసక్తికరమైన సంగతే. కానీ అది మనిషి నాళంలో ఇరుక్కున్న 4 మిల్లీమీటర్ల రాయి కరిగిందన్న రుజువు కాదు. వేరే జంతువులో, కృత్రిమంగా తెచ్చిపెట్టిన స్థితిలో, రాయి పుట్టకుండా ఆపే విషయం అది.

మరి ఆ తొమ్మిది రోజుల్లో మా వాడి ఒంట్లో మారిందేమిటి? లెక్క వేద్దాం. ఏప్రిల్ విశాఖ ఉక్క మనకు తెలిసిందే. క్రేన్ కేబిన్ రేకు డబ్బా లాంటిది. దిగి వచ్చి మూత్రానికి వెళ్లే తీరిక దొరకదని వాడు నీళ్లు తాగడమే తగ్గించాడు. తాగిన కాస్తా చెమటగా పోయేది. రోజు మొత్తంలో మూత్రం సుమారు 700 మిల్లీలీటర్లు వచ్చేదనుకుందాం. ఒంట్లోంచి రోజుకు 30 మిల్లీగ్రాముల ఆక్సలేట్ బయటికి పోతుందనుకుంటే, లీటరుకు 43 మిల్లీగ్రాముల చొప్పున చిక్కగా ఉంటుంది. అదే మూత్రం 2,100 మిల్లీలీటర్లు వస్తే, ఆక్సలేట్ అంతే ఉన్నా లీటరుకు 14 మిల్లీగ్రాములకు పడిపోతుంది. మూడో వంతు. పాకం పలచబడినట్టు. లీటరు బార్లీ నీళ్లు, గ్లాసు దవ్వ రసం, ఆ తొమ్మిది రోజులు ఇంట్లో నీడపట్టున ఉండటం, ఈ మూడూ కలిసి చేసింది ఆ పని. బార్లీలో ఉన్న బార్లీ కంటే అందులో ఉన్న నీళ్లే ముఖ్యం.

పడిన రాయిని ఈ పలచనే పడగొట్టిందనీ చెప్పలేం. అది గట్టిగా ఉపయోగపడేది మళ్లీ రాయి రాకుండా చూడటంలో. ఇటలీలో రాయి ఒకసారి వచ్చినవాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపును రోజుకు రెండు లీటర్లకు తగ్గకుండా మూత్రం వచ్చేలా నీళ్లు తాగమని చెప్పి ఐదేళ్లు గమనించారు. 1996లో వచ్చిన ఫలితాల ప్రకారం నీళ్లు తాగిన గుంపులో నూటికి 12 మందికి, రెండో గుంపులో 27 మందికి రాయి తిరిగి వచ్చింది. అందుకే తాగేది ఎన్ని గ్లాసులని లెక్కపెట్టడం కంటే, ఒక సెలవు రోజున రెండు లీటర్ల సీసా పెట్టుకుని 24 గంటల మూత్రం కొలవమని మా వాడికి చెప్పాను. మన చెమటకు గ్లాసుల లెక్క సరిపోదు. సీసా నిండకపోతే ఇంకా తాగాలి.

బార్లీ నీళ్లలో చేసే ఒక పొరపాటు కూడా చెప్పాలి. పావు కప్పు బార్లీ లీటరున్నర నీళ్లలో అరగంట ఉడికించి వడకడితే అవి మంచి పానీయమే. కానీ వడకట్టాక రుచికి చెంచాడు ఉప్పు వేస్తారు. ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువగా పోతుంది. అంటే ఒక చేత్తో పలచన చేసి మరో చేత్తో చిక్కన చేసినట్టు. మధుమేహం ఉన్నవాళ్లు చక్కెర వేసుకోకూడదు, గంజి చిక్కగా తాగకూడదు. ఉప్పుకు బదులు నిమ్మరసం పిండుకుంటే మేలు, కాల్షియం పోయి ఆక్సలేట్‌తో జతకట్టకుండా నిమ్మలోని సిట్రేట్ అడ్డుపడుతుంది.

దవ్వ రసం మాత్రం అందరికీ నిరపాయం కాదు. అందులో పొటాషియం ఎక్కువ. బాగా ఉన్న కిడ్నీ దాన్ని బయటికి తోసేస్తుంది. పాడైన కిడ్నీ తోయలేదు, రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఇది విశాఖలో ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి, చుట్టుపక్కల గ్రామాల నుంచి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుతో ఇక్కడికి వైద్యానికి వచ్చేవాళ్లు ఎందరో. కిడ్నీ అనగానే దవ్వ రసం అని బంధువులు వాళ్లకూ సలహా ఇస్తారు. కిడ్నీ జబ్బు వేరు, కిడ్నీలో రాయి వేరు. కిడ్నీ పని తగ్గి రక్తంలో క్రియాటినిన్ పెరిగినవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు పరగడుపున గ్లాసెడు రసం మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి. ఆవపెట్టి కూరగా వండుకున్న దవ్వ ఒకటి రెండు గరిటెలు తినడం వేరు, రోజూ రసం పట్టడం వేరు.

మా వాడి స్నేహితుడి కథ ఇంకోలా నడిచింది. అతనిది 9 మిల్లీమీటర్ల రాయి. అతనూ దవ్వ రసమే తాగాడు. పది రోజులకు నొప్పి ఆగింది. రాయి పోయిందనుకుని మళ్లీ స్కానింగ్ మానేశాడు. నొప్పి ఆగడం రెండు రకాలుగా జరుగుతుంది. రాయి పడిపోతే ఆగుతుంది. నాళం మూసుకుపోయి, కిడ్నీ ఆ ఒత్తిడికి అలవాటుపడి, పని తగ్గించుకున్నప్పుడూ ఆగుతుంది. రెండోది లోపల జరుగుతుంది, బయటికి ఏమీ తెలియదు. రెండు నెలల తర్వాత వేరే కారణానికి తీసిన స్కానింగ్‌లో రాయి అక్కడే ఉంది, కిడ్నీ ఉబ్బి ఉంది. రాయి తీయించుకున్నా ఆ కిడ్నీ పని పూర్తిగా వెనక్కి రాలేదు. అందుకే రాయి కళ్లారా కనబడకపోతే, నొప్పి ఆగినా సరే, నాలుగు వారాల్లో మళ్లీ స్కానింగ్ చూసుకోవాల్సిందే.

యూరిన్ ఇన్‌ఫెక్షన్ కథ దీనికి పక్క వీధిలోది. మంట పుడుతుంటే బార్లీ నీళ్లు చలవ చేస్తాయంటారు. మంట తగ్గడం నిజమే కావచ్చు, మూత్రం పలచబడితే పొక్కిన చోట గుచ్చుకోవడం తగ్గుతుంది. కానీ మూత్రాశయం గోడకు అతుక్కున్న ఇ. కొలి బ్యాక్టీరియా చలవకు చావదు. దానికి సరైన యాంటీబయాటిక్ కావాలి. ఏది సరైనదో, మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే యూరిన్ కల్చర్ చెబుతుంది. తరచూ వచ్చేవాళ్లకు, గర్భిణులకు, మగవాళ్లకు మందు మొదలుపెట్టే ముందే ఆ పరీక్షకు మూత్రం ఇవ్వడం మంచిది. నీళ్ల గొప్పతనం ఇక్కడా రాకుండా చూడటంలోనే ఉంది. తరచూ ఇన్‌ఫెక్షన్ వచ్చే, నీళ్లు తక్కువ తాగే 140 మంది స్త్రీల మీద జరిగిన పరిశోధన 2018లో వెలువడింది. రోజుకు అదనంగా లీటరున్నర నీళ్లు తాగినవాళ్లకు ఏడాదిలో సగటున 1.7 సార్లు వస్తే, తాగనివాళ్లకు 3.2 సార్లు వచ్చింది. తాగింది మామూలు మంచినీళ్లే.

ఈ రెండు వీధులూ కలిసే చోట ప్రమాదం ఉంది. నాళంలో రాయి అడ్డం పడి, దాని పైన నిలిచిన మూత్రానికి ఇన్‌ఫెక్షన్ వస్తే చలి పుట్టి జ్వరం వస్తుంది. అప్పుడు ఎంత నీరు తాగినా అది అడ్డు దాటి రాదు, మూసుకుపోయిన కాలువలో ఇంకా నీళ్లు పోసినట్టే. గంటల్లో ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది. యాంటీబయాటిక్ ఒక్కటే సరిపోదు, నాళంలో స్టెంట్ అనే సన్నని గొట్టం వేసో వీపు వైపు నుంచి గొట్టం పెట్టో నిలిచిన మూత్రాన్ని బయటికి తీయాలి. నడుము నొప్పితో చలిజ్వరం, వాంతులు ఆగకపోవడం, మూత్రం రాకపోవడం, ఉన్నదే ఒక కిడ్నీ కావడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రాత్రి రెండు గంటలైనా ఆసుపత్రికే.

ఇంతా చెప్పాక మా వాడు ఆ కాగితం పొట్లాన్ని ల్యాబ్‌కు ఇచ్చాడు. కాల్షియం ఆక్సలేట్ అని వచ్చింది. యూరిక్ ఆమ్లం రాయి అయి ఉంటే సంగతి వేరుగా ఉండేది. మూత్రంలో ఆమ్లం తగ్గించే మందుతో వారాల మీద నిజంగా కరిగేది ముఖ్యంగా ఆ రకమే. ఇప్పుడు వాడు కేబిన్‌లోకి రెండు లీటర్ల సీసా పట్టుకెళ్తున్నాడు. మూత్రానికి దిగడానికి సూపర్‌వైజర్‌ను ఒప్పించుకోవడమే కష్టమైందట. మా పిన్ని మాత్రం ఆదివారాలు దవ్వ కోస్తూనే ఉంది, రసానికి కాదు, పెరుగుపచ్చడికి.