పవర్ యాంగిల్ కర్వ్‌లో స్టెడీ స్టేట్ లిమిట్: అపోహలు - వాస్తవాలు

బస్‌కి కలిపిన జనరేటర్ ఎంత లోడ్ వరకు సింక్రనిజం తప్పకుండా నిలబడుతుందో పవర్ యాంగిల్ కర్వ్ చూసి చెప్పొచ్చు. గీయడం సులువే, చదవడంలోనే తప్పులు దొర్లుతాయి. ఇక్కడ 500 మెగావాట్ల థర్మల్ యూనిట్‌ని ఉదాహరణగా తీసుకుందాం. జనరేటర్ 588 ఎంవీఏ, 21 కేవీ. లెక్క చేత్తో వేసుకునేలా రియాక్టెన్స్‌లను గుండ్రం చేశాం: జనరేటర్ Xd 2.1, ట్రాన్స్‌ఫార్మర్ 0.15, పక్కపక్కనే ఉన్న రెండు లైన్లు ఒక్కోటి 0.5 చొప్పున కలిపి 0.25. మొత్తం X = 2.5 పర్ యూనిట్. అవతల ఉన్నది పెద్ద గ్రిడ్ బస్, దాని వోల్టేజ్ 1.0 దగ్గర కదలదు. ఎక్సైటేషన్‌ని దానంతటదే సర్దే ఏవీఆర్ మాన్యువల్‌లో ఉంది, అంటే ఫీల్డ్ కరెంట్ స్థిరం.

P = (E·V/X)·sin δ

ఇక్కడ P బయటికి పోయే పవర్, E జనరేటర్ లోపల పుట్టే వోల్టేజ్, V బస్ వోల్టేజ్, δ ఆ రెండు వోల్టేజ్‌ల మధ్య కోణం.

అపోహ: లిమిట్ అనేది మెషీన్‌కి ఉన్న ఒక మెగావాట్ల అంకె.

కర్వ్ ఎత్తు E·V/X. ఇందులో E ఫీల్డ్ కరెంట్‌ని బట్టి మారుతుంది కాబట్టి ఆపరేటర్ ఎక్సైటేషన్ తగ్గించిన ప్రతిసారీ శిఖరం కిందికి దిగుతుంది. టర్బైన్ మాత్రం అంతే పవర్ ఇస్తూ ఉంటుంది.

యూనిట్ 0.8 పర్ యూనిట్, అంటే 470 మెగావాట్ల మీద నడుస్తోందనుకోండి. బస్‌కి 0.4 పర్ యూనిట్ (235 మెగావార్లు) ల్యాగింగ్ ఇస్తున్నప్పుడు E = 2.83, కోణం 45 డిగ్రీలు, శిఖరం 665 మెగావాట్లు. బస్ దగ్గర మెగావార్లు సున్నాకి తెస్తే E = 2.24, కోణం 63 డిగ్రీలు, శిఖరం 526 మెగావాట్లు. బస్ నుంచి 0.3 పర్ యూనిట్ (176 మెగావార్లు) లాక్కుంటుంటే E = 2.02, కోణం 83 డిగ్రీలు. అప్పుడు శిఖరం 474 మెగావాట్లు. లోడ్ 470! మిగిలింది నాలుగే మెగావాట్లు. మెగావాట్ మీటర్ మాత్రం మూడు సందర్భాల్లోనూ ఒకే అంకె చూపిస్తుంది.

అందుకే ఈ లిమిట్ బెడద లోడ్ పెంచేటప్పుడు కంటే అర్ధరాత్రి ఎక్కువ. లైన్లు తేలికపడి 400 కేవీ వోల్టేజ్ 420 వైపు ఎగబాకితే, మెగావార్లు లాక్కోమని లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఫోన్ వస్తుంది. ఎక్సైటేషన్ తగ్గేది అప్పుడే.

అపోహ: 90 డిగ్రీల దాకా నిశ్చింతగా నడపొచ్చు.

90 డిగ్రీలు శిఖరం. దాని మీద నిలబడటం కుదరదు. కర్వ్ మీద కోణం కంటే ముందు చూడాల్సింది వాలు. అంటే కోణం ఒక డిగ్రీ పెరిగితే ఎన్ని మెగావాట్లు అదనంగా బయటికి పోతాయన్నది. పై ఉదాహరణలో ల్యాగింగ్‌లో డిగ్రీకి సుమారు 8 మెగావాట్లు, మెగావార్లు సున్నా దగ్గర 4, లీడింగ్‌లో ఒక్కటే. రోటర్ కాస్త ముందుకి జారితే దాన్ని వెనక్కి లాగే బలం ఇదే. శిఖరం దాటాక ఇది తిరగబడుతుంది: కోణం పెరిగేకొద్దీ బయటికి పోయే పవర్ తగ్గుతుంది, టర్బైన్ ఇచ్చే మిగులు రోటర్‌ని ఇంకా తోస్తుంది, పోల్ స్లిప్ అవుతుంది.

మరో చిన్న సూత్రం బోర్డు మీద రాసి పెట్టుకోదగ్గది. బస్‌కి ఇస్తున్న మెగావార్లు పర్ యూనిట్‌లో Q అయితే, రేడియన్‌కి వాలు = Q + V²/X. ఇక్కడ V²/X = 0.4. కాబట్టి బస్ నుంచి 0.4 పర్ యూనిట్ లాక్కున్న క్షణాన, లోడ్ ఎంతున్నా సరే, వాలు సున్నా అవుతుంది.

90 అన్నది కూడా గుండ్రటి రోటర్ ఉన్న థర్మల్ మెషీన్ల మాట. శ్రీశైలం, నాగార్జునసాగర్ లాంటి జల విద్యుత్ యూనిట్లలో సేలియెంట్ పోల్ రోటర్ ఉంటుంది. ఫార్ములాలో sin 2δ పదం వచ్చి చేరడంతో శిఖరం 90కి ముందే వచ్చేస్తుంది.

అపోహ: జనరేటర్ మీటర్‌లో మెగావార్లు సున్నా చుట్టూ ఉన్నాయంటే భయం లేదు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పై లెక్కలోని Q బస్ దగ్గరిది. కంట్రోల్ రూమ్ మీటర్ చూపేది జనరేటర్ టెర్మినల్‌ది. రెండింటి మధ్య ట్రాన్స్‌ఫార్మర్, లైన్లు కలిపి 0.4 రియాక్టెన్స్ ఉంది, అది I²X మేరకు మెగావార్లు తినేస్తుంది. బస్ నుంచి 0.3 లాక్కుంటున్న సందర్భంలో I² = 0.73, కాబట్టి నష్టం 0.29. బస్ ఇచ్చిన మెగావార్లు దాదాపు అన్నీ దారిలోనే ఖర్చవుతాయి, టెర్మినల్ మీటర్ మైనస్ 5 మెగావార్లు చూపిస్తుంది. పవర్ ఫ్యాక్టర్ యూనిటీ. చూడముచ్చటగా ఉంటుంది, కోణం 83 డిగ్రీలు! సరిగ్గా లిమిట్ మీద కూడా ఆ మీటర్ సుమారు మైనస్ 47 దగ్గరే ఉంటుంది. లైన్లు పొడవైనవై, గ్రిడ్ బలహీనంగా ఉన్నచోట ఈ తేడా ఇంత పెద్దదవుతుంది. బస్‌కి దగ్గరున్న స్టేషన్‌లో చాలా తక్కువ.

మీటర్ మోసం చేసినా టెర్మినల్ వోల్టేజ్ దాచదు. ఈ ఉదాహరణలో అది 0.94కి, అంటే 21 కేవీలో 19.7కి పడిపోతుంది. దానితోపాటు మెగావాట్ ముల్లు నెమ్మదిగా ఊగడం మొదలైతే ముందు ఎక్సైటేషన్ పెంచాలి. అది సరిపోకపోతే లోడ్ తగ్గించాలి.

అపోహ: రెండు లైన్లలో ఒకటి పోతే లిమిట్ సగమవుతుంది.

సగం కాదు. లైన్ల రియాక్టెన్స్ 0.25 నుంచి 0.5 అయినా, మొత్తం X 2.5 నుంచి 2.75కే పెరుగుతుంది, ఎందుకంటే అందులో సింహభాగం జనరేటర్ Xdదే. శిఖరం 9 శాతమే తగ్గుతుంది. అలాగని కొట్టిపారేయకండి. మెగావార్లు సున్నా దగ్గర 526 ఉన్న శిఖరం 478 అవుతుంది, 470 లోడ్ అంచున నిలుస్తుంది. లీడింగ్‌లో ఉన్న యూనిట్‌కి 474 కాస్తా 431 అవుతుంది. లోడ్ గీత కర్వ్‌ని ఇక ఎక్కడా తాకదు. ఫీల్డ్ పెరగకపోతే మెషీన్ సింక్రనిజం తప్పడం ఖాయం.

అపోహ: ఏవీఆర్ ఆటోలో ఉందిగా, ఈ లిమిట్‌తో పనేముంది?

ఆటోలో ఉన్న ఏవీఆర్ కోణం పెరిగేకొద్దీ E కూడా పెంచుతుంది. దాంతో మెషీన్ ఒక కర్వ్ నుంచి ఇంకో ఎత్తైన కర్వ్‌కి మారుతూ పోతుంది, 90 దాటి కూడా నిలబడగలదు. ఇంతవరకూ నిజమే. కానీ ఏవీఆర్ లోపం వచ్చి మాన్యువల్‌కి మారిపోతే, ఆ క్షణం నుంచి మీకు దక్కేది స్థిరమైన E ఉన్న ఒక్క కర్వే. అందుకే మినిమమ్ ఎక్సైటేషన్ లిమిటర్‌ని ఈ మాన్యువల్ లిమిట్‌కి ఇవతలే సెట్ చేస్తారు, ఫీల్డ్ ఫెయిల్యూర్ రిలే దాని తర్వాతే పనిచేయాలి.

ఇవతల అంటే ఎంత? పాత పద్ధతి ఇది: శిఖరానికీ లోడ్‌కీ మధ్య రేటింగ్‌లో 10 శాతం ఖాళీ ఉంచడం. మన యూనిట్ 470 మెగావాట్ల దగ్గర ఉంటే శిఖరం 0.9 పర్ యూనిట్ ఉండాలి, దానికి E = 2.25. లెక్క కడితే బస్ దగ్గర Q దాదాపు సున్నా వస్తుంది, అంటే ఈ లోడ్ మీద బస్ నుంచి మెగావార్లు లాక్కోవడమే కుదరదు. లోడ్ 235కి దించితే సుమారు 59 మెగావార్లు లాక్కోవచ్చు. రాత్రి ఫోన్ వచ్చినప్పుడు ఎన్ని మెగావార్లు లాగగలమో చెప్పే ముందు ఎన్ని మెగావాట్ల మీద ఉన్నామో చూసుకోవాల్సింది ఇందుకే.

అపోహ: ఫాల్ట్ వచ్చినప్పుడు కూడా ఇదే కర్వ్.

కాదు. ఫాల్ట్ తర్వాతి మొదటి ఊపుకి Xd బదులు ట్రాన్సియెంట్ రియాక్టెన్స్ X'd (సుమారు 0.3) వాడాలి, కర్వ్ చాలా ఎత్తుగా వస్తుంది. ఆ లెక్క వేరు, దాని లిమిట్ వేరు.