ఆరెంజా, రెడ్డా? వయనాడ్ నుంచి తెగని తగవు

వర్షాలు ముదిరాయంటే ఫోన్లకు రంగుల హెచ్చరికలు మొదలవుతాయి. ఎక్కడో ఒక చోట ప్రాణనష్టం జరగ్గానే వాటి మీద గొడవా మొదలవుతుంది. "ముందే చెప్పాం" అంటారు అధికారులు. "మాకు వచ్చింది ఆరెంజే, రెడ్ వచ్చి ఉంటే ఇళ్లు ఖాళీ చేసేవాళ్లం" అంటారు బాధితులు. ఈ వాదన ఇప్పుడు మళ్లీ లేచింది కాబట్టి, దీనికి ఇప్పటి రూపం ఎక్కడ వచ్చిందో చూడాలి. వాతావరణ శాఖకు రంగులు కొత్తేమీ కాదు. తుపాను బులెటిన్లలో 2006 నుంచే ఉన్నాయి. కానీ ఏ రంగుకు ఎవరు ఏం చేయాలన్న ప్రశ్న పార్లమెంటు దాకా వెళ్లింది మాత్రం వయనాడ్ తర్వాతే.

2024 జూలై 30, అర్ధరాత్రి దాటాక కేరళలోని వయనాడ్ జిల్లాలో పుంచిరిమట్టం పైనున్న కొండ జారింది. బురద, బండరాళ్లు, చెట్లు కలిసి వాగు వెంట దిగి ముండక్కై, చూరల్‌మల ఊళ్ల మీద పడ్డాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్కగడితే, సముద్ర మట్టానికి దాదాపు 1,550 మీటర్ల ఎత్తున మొదలైన ఆ ప్రవాహం 8 కిలోమీటర్ల దూరం వెళ్లిందని తేలింది. చనిపోయినవాళ్లు 250 మందికి పైనే.

మర్నాడు రాజ్యసభలో కేంద్ర హోంమంత్రి అమిత్ షా, జూలై 23 నుంచే కేరళకు హెచ్చరికలు పంపామని, 26న ఇచ్చినదాంట్లో 20 సెంటీమీటర్లకు మించి వాన పడొచ్చని, కొండచరియలు విరిగిపడే ప్రమాదం ఉందని కూడా చెప్పామని అన్నారు. అదే రోజు ముఖ్యమంత్రి పినరయి విజయన్ దాన్ని ఖండించారు. ఘటనకు ముందు వయనాడ్‌కు ఉన్నది ఆరెంజ్ అలర్టేనని, 115 నుంచి 204 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుందన్నారని, పడింది 48 గంటల్లో 572 మిల్లీమీటర్లని చెప్పారు. రెడ్ అలర్ట్ వచ్చింది ఉదయం 6 గంటలకు, అంటే ఊళ్లు కొట్టుకుపోయాక. భూగర్భ సర్వే సంస్థ ముందు రోజు ఇచ్చిన కొండచరియల అంచనాలోనైతే వయనాడ్‌కు ఆకుపచ్చే ఉందని కూడా ఆయన గుర్తు చేశారు.

టీవీల్లో చర్చంతా ఈ ఇద్దరి మాటల మీదే నడిచింది. అసలు విషయం మాత్రం ఆ మర్నాడు వాతావరణ శాఖ అధిపతి మృత్యుంజయ్ మహాపాత్ర చెప్పిన మాటలో ఉందని నా అభిప్రాయం. 25 నుంచి పసుపు ఇచ్చామని, 29న ఆరెంజ్‌కు పెంచామని, 30 తెల్లవారుజామున రెడ్ ఇచ్చామని వివరిస్తూ, ఆరెంజ్ అంటేనే కదలడానికి సిద్ధమవమని, రెడ్ కోసం కూర్చోకూడదని ఆయన అన్నారు. శాఖ రాసుకున్న పద్ధతి కూడా అదే. ఆకుపచ్చకు ఏమీ చేయనక్కర్లేదు. పసుపుకు గమనిస్తూ ఉండాలి. ఆరెంజ్‌కు సిద్ధం కావాలి. రెడ్‌కు చర్య తీసుకోవాలి. జనం మనసులో ఉన్న లెక్క వేరు. పసుపంటే వాన, ఆరెంజంటే పెద్ద వాన, రెడ్డంటే ప్రమాదం. అందుకే ఆరెంజ్ రాత్రి నిద్రపోతాం.

మిల్లీమీటర్ల సంగతీ చూద్దాం. 24 గంటల్లో 64.5 దాటితే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ, ఆపైన అత్యంత భారీ. కాగితం మీద చిన్న అంకెలే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. దాదాపు 120 గజాల డాబా, అంటే 100 చదరపు మీటర్లు అనుకుంటే, 204 మిల్లీమీటర్ల వానకు దాని మీద పడేవి 20,400 లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. ఆరెంజ్ పై అంచు ఇదీ. వాలు మీద ఇల్లున్నవాళ్లకు, వాగు పక్కన ఉన్నవాళ్లకు ఇది తక్కువ నీరు కాదు.

పైగా ఆ రంగు జిల్లా మొత్తానికి ఇచ్చేది, రోజు మొత్తానికి ఇచ్చేది. వాతావరణ శాఖ రోజు ఉదయం 8.30కు మొదలై మర్నాడు ఉదయం 8.30కు ముగుస్తుంది. జిల్లాలో ఒక మూల చినుకులే పడొచ్చు, ఇంకో మూల కుండపోత కురవొచ్చు. నిన్న అక్కడ ఎంత పడిందో, నేల ఎంత నానిందో ఆ రంగు చూపదు. వయనాడ్‌లో దెబ్బ కొట్టింది ఇదే. 572లో మొదటి 24 గంటల్లో పడింది 200, తర్వాతి 24 గంటల్లో 372. రెండో రోజు వాన అప్పటికే నీళ్లు నిండిన మట్టి మీద పడింది.

ఆ తేడాను పట్టుకున్నది కల్పెట్టలోని హ్యూమ్ సెంటర్ అనే చిన్న పరిశోధన సంస్థ. జిల్లా అంతటా రెండు వందలకు పైగా వర్షమాపకాలు పెట్టి, రోజూ చదివించి లెక్క చూస్తుంది. దుర్ఘటన జరిగిన చోటికి దగ్గరలోని పుత్తుమలలో ఉన్న మాపకం 28న 200 మిల్లీమీటర్లు చూపింది, ఆ రాత్రికి ఇంకో 130 చేరింది. ఆ ప్రాంతంలో 600 దగ్గరకు వస్తే కొండ జారొచ్చని వాళ్ల అంచనా. 29 ఉదయం 9 గంటల ప్రాంతంలోనే జిల్లా యంత్రాంగానికి ఆ మాట చేరవేశామని వాళ్లు చెప్పారు. అంటే కొండ జారడానికి దాదాపు 16 గంటల ముందు. 2020లో ఇదే ముండక్కై విషయంలో వాళ్లు ఇలాగే హెచ్చరిస్తే జనాన్ని తరలించారు. కొండ జారింది, ప్రాణం పోలేదు. నాలుగేళ్ల తేడాతో ఒకే ఊరు, ఒకే రకం హెచ్చరిక. ఒకసారి దాని మీద కదిలారు, ఇంకోసారి ఊరు ఊరంతా కదల్లేదు. రంగు ఏదన్న తగవులో ఈ తేడాకు దక్కాల్సినంత చోటు దక్కలేదు. 600 అన్న అంకె ఆ కొండలకే వర్తిస్తుంది, అరకు లోయకో పాడేరు ఘాట్‌కో దాన్ని అంటగట్టలేం. రెండు రోజుల వానను కలిపి చూడటమన్న పద్ధతి మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది. నిటారు గోడలున్న బకెట్‌ను ఆరుబయట పెట్టి, రోజూ ఒకే వేళకు స్కేలుతో లోతు కొలిచి పారబోస్తే ఇంటి దగ్గర ఎంత పడిందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. వాలు కింద ఉన్న ఇల్లయితే, నిన్న 15-20 సెంటీమీటర్లు పడ్డాక ఇవాళ మళ్లీ ఆరెంజ్ వచ్చిందంటే చీకటి పడకముందే వేరే చోటికి వెళ్లడం మంచిది. తలుపులు సులభంగా మూసుకోకపోయినా, గోడకో నేలకో కొత్త పగులు కనిపించినా, వాగులో నీరు ఒక్కసారిగా బురదగా మారినా, వానలోనే నీటిమట్టం ఉన్నట్టుండి తగ్గినా ఏ రంగు కోసమూ ఆగొద్దు. పైన ఎక్కడో మట్టి కదిలిందని, వాగుకు అడ్డం పడిందని అవి చెప్పే గుర్తులు.

అదే ఏడాది ఆగస్టు ఆఖర్లో మనకూ ఇలాంటిదే ఎదురైంది. 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. మర్నాడు బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచింది. ఆ నీరంతా సింగ్‌నగర్‌లో పడిన వానది కాదు. ఎగువన పడిన వాన, గండ్లు పడిన మళ్లింపు కాలువ. వాన రంగు మీ జిల్లా ఆకాశం గురించి మాత్రమే చెబుతుంది. ఎగువ నుంచి వచ్చే వరద సంగతి కేంద్ర జల సంఘం, జలవనరుల శాఖ వేరేగా చెబుతాయి. భద్రాచలం వాళ్లకు ఇది ఒకరు చెప్పనక్కర్లేదు. వాళ్లు రంగు చూడరు, గోదావరి 43 అడుగులు దాటిందా, 48 దాటిందా అని చూస్తారు.

ఇక ఫోన్ దాకా ఇది ఎలా వస్తుందో. వాతావరణ శాఖ, జల సంఘం, సముద్రానికి సంబంధించి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ వంటి సంస్థలు ఇచ్చే హెచ్చరికలన్నీ సచేత్ అనే వ్యవస్థలోకి చేరతాయి. దాన్ని తయారుచేసింది కేంద్ర ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వాటిని చూసి, ఏ ప్రాంతానికి పంపాలో ఎంచి ఆమోదిస్తే, అక్కడి టవర్ల కింద ఉన్న ఫోన్లకు తెలుగులో ఎస్సెమ్మెస్ వెళ్తుంది. లక్షల నంబర్లకు ఒక్కొక్కటిగా వెళ్లాలి కాబట్టి అది ఆలస్యం కావచ్చు. ఫోన్ ఒక్కసారిగా గట్టిగా మోగి తెర మీద పెట్టె కనిపిస్తే అది సెల్ బ్రాడ్‌కాస్ట్. 2023లో దేశమంతా పరీక్షగా మోగించినప్పుడు చాలామంది హడలిపోయింది దానికే. టవర్ ఒకేసారి అందరికీ వదులుతుంది కాబట్టి దానికి క్యూ ఉండదు, మీ నంబర్‌తో పని లేదు. ఆ పరీక్షతో విసిగిపోయి దాన్ని ఆపేసినవాళ్లు ఉన్నారు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని Wireless emergency alerts దగ్గర మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. వాలు మీదో వాగు పక్కనో ఉన్నవాళ్లు ఈ ఒక్క పని ఇవాళే చేయాలి.

మెసేజ్ వచ్చాక రంగు కన్నా ముందు టైమ్ చూడండి. "రాబోయే మూడు గంటల్లో" అని ఉంటే అది రాడార్ చూసి అప్పటికప్పుడు ఇచ్చే స్వల్పకాలిక సూచన. అందులో ఆరెంజ్ అంటే మేఘం దాదాపు తల మీదికి వచ్చేసిందని. పొలంలో ఉంటే చెట్టు కిందకు పోకుండా పక్కా కట్టడంలోకి వెళ్లాలి, పశువులను వాగు దాటించకూడదు. "రేపు" అని ఉన్న ఆరెంజ్ అయితే చేతిలో ఒక పగలుంది. ముసలివాళ్లను, చంటిపిల్లలను బంధువుల ఇంటికి పంపడానికి, మందులు, ఆధార్ కార్డులు, చార్జర్ ఒక సంచిలో సర్దుకోవడానికి, బండిని ఎత్తు మీద పెట్టుకోవడానికి ఆ పగలు సరిపోతుంది. పసుపుకు ఇవేవీ అక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు కొత్త మెసేజ్ ఏమైనా వచ్చిందా అని చూసుకుంటే చాలు. రెడ్ వచ్చేసరికి ఇవన్నీ అయిపోయి ఉండాలి. అప్పుడు చేసేది రెండే పనులు. ప్రమాదం ఉన్న చోట అప్పటికీ ఉంటే వెంటనే వదిలి వెళ్లడం, లేదంటే రోడ్డెక్కకుండా ఉన్న చోటే ఉండటం. కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే బండి దింపకూడదు, లోతు ఎంతో పైనుంచి తెలియదు.

తుపాను రంగులను మాత్రం వేరుగా చదవాలి. అక్కడ పసుపు అంటే కనీసం 48 గంటల ముందు ఇచ్చే అలర్ట్, ఆరెంజ్ అంటే కనీసం 24 గంటల ముందు ఇచ్చే హెచ్చరిక, రెడ్ వచ్చేది తీరం దాటడానికి 12 గంటల ముందు. అంటే వాన రంగులు ఎంత నష్టానికి అవకాశం ఉందో చెబితే, తుపాను రంగులు ఎంత టైమ్ మిగిలిందో చెబుతాయి. బాపట్లలోనో నరసాపురంలోనో ఒకే రోజు ఒకే ఫోన్‌కు ఈ రెండు రకాలూ రావచ్చు. వయనాడ్‌లో ఒకే రోజున వానకు ఆరెంజ్, కొండచరియలకు ఆకుపచ్చ ఉన్నట్టే. అలా రెండు వచ్చినప్పుడు, రెంటిలో ఎక్కువ ప్రమాదం చెప్పేదాన్ని పట్టుకోవాలి, తక్కువదాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. రెంటినీ కలిపి ఊరికి ఒకే మాటగా చెప్పే పని మాత్రం ఇప్పటికీ తహసీల్దార్ ఆఫీసు మీదా, సచివాలయం సిబ్బంది మీదా, ఊళ్లో దండోరా మీదా నడుస్తోంది.