ఎంతమంది చనిపోతే జాతి నిర్మూలన? అపోహలు - వాస్తవాలు

సెషన్స్ కోర్టుల్లో క్రిమినల్ కేసులు వాదిస్తూ, వారానికి రెండు రోజులు లా విద్యార్థులకు అంతర్జాతీయ నేర న్యాయం చెబుతుంటాను. ఊచకోత, నరమేధం, మారణహోమం, జాతి నిర్మూలన అనే మాటలను మన పత్రికలు ఒకదాని బదులు ఒకటి వాడేస్తాయి. శీర్షికకు అది చెల్లుతుంది కానీ అభియోగపత్రానికి చెల్లదు. తేడా చూపడానికి క్లాసులో నేను ప్రతి ఏడాదీ ఒకే కేసు తీసుకుంటాను. ఆఫ్రికా దేశం ర్వాండాలో 1994లో జరిగిన హత్యాకాండను విచారించడానికి ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన ట్రైబ్యునల్ 1998 సెప్టెంబరు 2న ఝాన్-పోల్ అకాయెసు మీద ఇచ్చిన తీర్పు అది. జాతి నిర్మూలన నేరం కింద ఒక అంతర్జాతీయ న్యాయస్థానం విచారణ జరిపి శిక్ష వేసిన మొదటి కేసు. నేను విన్న అపోహలు దాదాపు అన్నిటికీ జవాబు అందులోనే దొరుకుతుంది.

అపోహ: చనిపోయినవారి సంఖ్య లక్షల్లో ఉంటే అది జాతి నిర్మూలన, వందల్లో ఉంటే మామూలు హత్యలు.

ఈ నేరాన్ని నిర్వచించిన 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో సంఖ్య ఎక్కడా లేదు. అందులో ఉన్నది ఉద్దేశం. ఒక జాతీయ, తెగ, వర్ణ లేదా మత సమూహాన్ని పూర్తిగా గానీ కొంత మేరకు గానీ నాశనం చేయాలన్న ఉద్దేశంతో చేసిన పని కావాలి. రాజకీయ పార్టీలవారిని, ఫలానా వృత్తివారిని ఏరి చంపితే అది ఎంత ఘోరమైనా ఈ నిర్వచనంలోకి రాదు. మానవాళికి వ్యతిరేకంగా చేసిన నేరం కావచ్చు. దానికి పౌరుల మీద విస్తృతంగా గానీ పథకం ప్రకారం గానీ దాడి జరిగిందని, నిందితుడి పని అందులో భాగమని చూపాలి.

అకాయెసు తాబా అనే కమ్యూన్‌కు అధిపతి. ఒకప్పుడు బడిపంతులు, తర్వాత పాఠశాలల ఇన్‌స్పెక్టరు. మన మండలాధ్యక్షుడి స్థాయి అనుకోవచ్చు గానీ, స్థానిక పోలీసులు కూడా అతని చేతి కింద ఉండేవారు. 1994 ఏప్రిల్ 7న దేశంలో మైనారిటీలైన టుట్సీలను మెజారిటీ వర్గమైన హుటూలు చంపడం మొదలైనా, 18వ తేదీ వరకు అతను తాబాలో వాటిని అడ్డుకునే ప్రయత్నం చేశాడని కోర్టే ఒప్పుకుంది. 18న తాత్కాలిక ప్రభుత్వ పెద్దలతో కమ్యూన్ అధిపతుల సమావేశం జరిగింది. మర్నాడు తెల్లవారుజామున గిష్యెష్యె అనే చోట, చనిపోయిన ఒక మిలీషియా యువకుడి శవం చుట్టూ వందమందికి పైగా గుమిగూడి ఉండగా, అకాయెసు మాట్లాడాడు. అందరూ ఏకమై ‘ఇంకోటాన్యి తోడుదొంగలను’ అంతం చేయాలన్నది ఆ ప్రసంగ సారాంశం.

‘ఇంకోటాన్యి’ అంటే అసలు అర్థం ప్రభుత్వంతో పోరాడుతున్న తిరుగుబాటు సైన్యంలోని యోధులు. టుట్సీలు అన్న మాట అతను వాడలేదనే అనుకుందాం. మరి ఉద్దేశం ఎలా రుజువు చేస్తారు? ట్రైబ్యునల్ ఒక భాషా నిపుణుడిని సాక్షిగా పిలిచి, ఆ నెలల్లో ఆ మాటను జనం ఎలా అర్థం చేసుకునేవారో అడిగింది. ఆ గుంపులో ఉన్నవారికి అది టుట్సీలనే అర్థంలో చేరిందని, ఆ సంగతి అకాయెసుకు తెలుసని తేల్చింది. మన హత్య కేసుల్లోనూ ఉద్దేశాన్ని ఎవరూ చీటీ మీద రాసివ్వరు. వాడిన ఆయుధం, గాయం తగిలిన చోటు, అంతకుముందు అన్న మాటలు చూసి న్యాయమూర్తి దాన్ని ఊహించుకుంటారు. ఇక్కడా దారి అదే. కాకపోతే ఊహించాల్సింది ఒక మనిషిని చంపాలన్న ఉద్దేశం కాదు, ఆ మనిషి పుట్టిన సమూహాన్ని లేకుండా చేయాలన్న ఉద్దేశం.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. హుటూలు, టుట్సీలు మాట్లాడేది ఒకటే భాష, మతాల్లోనూ తేడా లేదు. మరి టుట్సీలు వేరే సమూహం ఎలా అవుతారు? జవాబు గుర్తింపు కార్డులో దొరికింది. బెల్జియం పాలనలో 1930లలో వచ్చిన ఆ కార్డు మీద ‘ఉబ్వోకో’ అనే గడి ఉండేది. అందులో హుటూ, టుట్సీ అని రాసేవారు. ఆ గుర్తింపు తండ్రి నుంచి బిడ్డకు వచ్చేది. రోడ్ల మీద అడ్డంకులు పెట్టి చూసింది ఆ గడినే. చంపేవాళ్లు, చనిపోయేవాళ్లు ఇద్దరూ నమ్మిన విభజనను, ప్రభుత్వమే కాగితం మీద రాసిన విభజనను, కోర్టు కాదనలేదు.

అపోహ: జాతి నిర్మూలన అన్నిటికన్నా పెద్ద నేరం, కాబట్టి అది రుజువైతే యుద్ధ నేరం దానంతట అదే రుజువైనట్టే.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అకాయెసు మీద 15 అభియోగాలుంటే 9 రుజువయ్యాయి, 6 వీగిపోయాయి. వీగిపోయిన ఆరింటిలో అయిదు యుద్ధ నేరాల అభియోగాలు! దేశంలో యుద్ధం జరుగుతోంది, హత్యలు జరిగాయి, వాటిలో అతని పాత్రా తేలింది. అయినా ఆ అయిదింటిలో నిర్దోషి.

యుద్ధ నేరం కావాలంటే ఆ పనికి సాయుధ పోరాటంతో సంబంధం ఉండాలి. యుద్ధకాలంలో జరిగినంత మాత్రాన సరిపోదు. పొరుగువాడు పాత పొలం గొడవ మనసులో పెట్టుకుని, ఊళ్లోకి సైన్యం వచ్చిన రోజే హత్య చేస్తే అది హత్యే. అకాయెసు సైన్యంలో సభ్యుడని గానీ, ప్రభుత్వ ప్రతినిధిగా యుద్ధానికి మద్దతిచ్చే బాధ్యత అతనికి ఉందని గానీ ప్రాసిక్యూషన్ సందేహానికి తావులేకుండా చూపలేకపోయిందని ట్రయల్ కోర్టు అంది. 2001 జూన్ 1న అప్పీలు ఛాంబరు ఆ కొలమానం తప్పంది. నేరం చేసినవాడి హోదా ముఖ్యం కాదు, చేసిన పనికీ పోరాటానికీ ఉన్న ముడి ముఖ్యం అంది. చట్టం సరిదిద్దింది గానీ, నిర్దోషి అన్న తీర్పును మార్చలేదు. ఆరో అభియోగం జాతి నిర్మూలనకు సహకరించడం. అసలు నేరానికే దోషి అయినవాడు అదే పనికి సహాయకుడు కూడా కాలేడని దాన్ని తీసేశారు.

జాతి నిర్మూలన, మానవాళికి వ్యతిరేకంగా చేసిన నేరం, యుద్ధ నేరం మూడు మెట్లు కావు, మూడు వేర్వేరు తాళాలు. ఒక తాళంచెవి ఇంకో తాళానికి పట్టదు.

అపోహ: అంతర్జాతీయ ట్రైబ్యునల్ అంటే సుప్రీంకోర్టు పైన ఉండే పెద్ద కోర్టు.

కాదు. ఏ దేశపు తీర్పు మీదా అక్కడికి అప్పీలు వెళ్లదు. దానికి సొంత పోలీసులు లేరు, సొంత జైలూ లేదు. అకాయెసును 1995 అక్టోబరులో పట్టుకున్నది జాంబియా. ఏడు నెలల తర్వాతే టాంజానియాలోని అరూషాలో ఉన్న ట్రైబ్యునల్‌కు అప్పగించారు. శిక్ష అనుభవించడానికి మాలి దేశానికి పంపారు. ఏ దేశమైనా చేతులు ముడుచుకుంటే వారెంటు గోడకు వేలాడుతూ ఉంటుంది. ర్వాండా కేసులోనే ఫెలిసియన్ కబుగా అనే సంపన్నుడు 2020 దాకా దొరకలేదు. చివరికి పారిస్ శివార్లలో పట్టుకుంటే, విచారణ తట్టుకునే ఆరోగ్యం లేదని 2023లో కోర్టు తేల్చింది.

ఇంకొక గందరగోళం కూడా ఉంది. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దేశాల మధ్య తగాదాలు చూస్తుంది, ఎవరినీ జైలుకు పంపదు. అదే నగరంలోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వ్యక్తులను విచారిస్తుంది. ర్వాండా ట్రైబ్యునల్ కోరితే దేశీయ కోర్టు కేసు వదులుకోవాల్సి వచ్చేది. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు ఆ హక్కు లేదు. దేశం నిజాయితీగా విచారించలేకపోతేనో, విచారించకపోతేనో అది రంగంలోకి దిగుతుంది.

అపోహ: విచారణ మన కోర్టులాగే ఉంటుంది, నల్లకోట్ల రంగే తేడా.

జ్యూరీ లేదు, ముగ్గురు న్యాయమూర్తులు. ఈ కేసులో సెనెగల్, స్వీడన్, దక్షిణాఫ్రికాల నుంచి వచ్చారు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన నవనీతం పిళ్లై తమిళ మూలాలున్న కుటుంబంలో పుట్టారు. ఆ ముగ్గురిలో ఆమె ఒక్కరే మహిళ.

సాక్షి ర్వాండా భాష కిన్యర్వాండాలో చెబుతుంది. దాన్ని ఒకరు ఫ్రెంచిలోకి, మరొకరు ఇంగ్లిషులోకి మార్చాలి. తేదీలు, దూరాలు అడిగితే చాలామంది చెప్పలేకపోయారు. ఇతరుల నుంచి విన్నదాన్ని కళ్లారా చూసినట్టు చెప్పడం అక్కడి మాటతీరులో ఉంది. అందుకే ‘మీరు చూశారా, విన్నారా?’ అని విడదీసి అడగాల్సి వచ్చింది. మన కోర్టులో వినికిడి సాక్ష్యాన్ని సాధారణంగా గుమ్మంలోనే ఆపుతాం. అక్కడ దాన్ని లోపలికి రానిస్తారు, తర్వాత తూకం వేస్తారు. మొదట నాకిది మింగుడుపడలేదు. సాక్షులు చెదిరిపోయి, ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన చోట వేరే దారి ఏముందో ఆలోచించాక కొంత సర్దుకున్నాను. పూర్తిగా కాదు.

అత్యాచారం అన్న మాట మొదటి అభియోగపత్రంలో లేనే లేదు. 1997లో ఒక సాక్షి, తీర్పులో ఆమె పేరు ‘జె’ అన్న అక్షరం మాత్రమే, తన కూతురికి జరిగింది చెప్పింది. ప్రాసిక్యూటర్ దాన్ని అడగలేదు, మాటల్లో బయటపడింది. తర్వాత ‘హెచ్’ అనే సాక్షి తనకు జరిగింది చెప్పింది. జూన్‌లో ప్రాసిక్యూషన్ అనుమతి కోరి మూడు అభియోగాలు చేర్చింది. విచారణ మధ్యలో అభియోగం మార్చడం మనకు కొత్త కాదు. మన న్యాయమూర్తి తీర్పుకు ముందు ఎప్పుడైనా తానే మార్చవచ్చు. అక్కడ ప్రాసిక్యూటర్ అడగాలి. ఆ మార్పు వల్లే, ఒక సమూహాన్ని నాశనం చేసే ఉద్దేశంతో చేసిన అత్యాచారం కూడా జాతి నిర్మూలనే అవుతుందని మొదటిసారి ఒక తీర్పులో వచ్చింది.

అపోహ: అంతర్జాతీయ కోర్టు శిక్షే అన్నిటికన్నా కఠినం.

తలకిందులు. ట్రైబ్యునల్ వేయగలిగిన గరిష్ఠ శిక్ష యావజ్జీవం, అకాయెసుకు పడింది అదే. ఆ తీర్పుకు నాలుగు నెలల ముందు, 1998 ఏప్రిల్‌లో, ర్వాండా దేశీయ కోర్టులు శిక్షించిన 22 మందిని బహిరంగంగా కాల్చి చంపారు. కమ్యూన్ అధిపతికి సౌకర్యాలున్న గది, అతని మాట విని కత్తి పట్టినవాడికి తుపాకీ గుండు. 1994లో ఈ ట్రైబ్యునల్ ఏర్పాటు తీర్మానానికి భద్రతా మండలిలో వ్యతిరేకంగా ఓటేసిన ఒకే ఒక దేశం ర్వాండా. మరణశిక్ష లేకపోవడం దాని అభ్యంతరాల్లో ఒకటి. ఆ దేశం 2007లో మరణశిక్షను రద్దు చేసుకుంది.

పరిమాణంలోనూ పోలిక లేదు. ట్రైబ్యునల్ అభియోగాలు మోపింది 93 మంది మీద. ఊరి పెద్దలు చెట్టు కింద కూర్చుని తీర్పు చెప్పిన గచాచా కోర్టులు ముగించినవి దాదాపు 20 లక్షల కేసులు.

అపోహ: ఇలాంటిది ఇక్కడ జరిగితే మన కోర్టులో జాతి నిర్మూలన కేసు పెట్టవచ్చు.

ఏ సెక్షన్ కింద? మన దేశం 1959లో ఆ 1948 ఒప్పందాన్ని ధ్రువీకరించింది. కానీ నాటి శిక్షాస్మృతిలోనూ, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ ఆ పేరుతో నేరం లేదు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును స్థాపించిన రోమ్ ఒప్పందంలో మనం చేరలేదు. యుద్ధ నియమాలకు సంబంధించిన జెనీవా ఒప్పందాల చట్టం 1960 నుంచి ఉంది గానీ, ప్రభుత్వం ఫిర్యాదు చేస్తే తప్ప ఆ చట్టం కింద ఏ కోర్టూ కేసు చేపట్టకూడదు. 1984 నాటి సిక్కుల హత్యల కేసులో 2018 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఈ ఖాళీని పేరు పెట్టి చెప్పింది. మానవాళికి వ్యతిరేకంగా చేసే నేరాలు గానీ, జాతి నిర్మూలన గానీ మన నేర చట్టంలో లేవని, దీన్ని త్వరగా సరిదిద్దాలని అంది. అదే తీర్పులో నిందితుడికి యావజ్జీవం వేసింది, కుట్ర, హత్యకు ప్రేరేపించడం వంటి పాత సెక్షన్ల కిందే.