వానకు వెనక నుంచి వెలుతురు

హన్మకొండలో ఒక గల్లీ, రాత్రి తొమ్మిది గంటలు. మూసేసిన చాయ్ దుకాణం ముందు ఒక మనిషి గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. వాన పడుతోంది. షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లలో చాలామంది ఈ సీను రాసుకుంటారు. తీరా తీశాక చూస్తే మనిషి తడుస్తుంటాడు గానీ వాన కనబడదు. నీళ్లు చాలలేదేమోనని ఇంకో పైపు తెస్తారు, అయినా కనబడదు. అక్కడ తక్కువైంది నీళ్లు కావు. లైటు ఉండాల్సిన చోట లేదు.

వాన చుక్క చిన్న గాజుగోళీ లాంటిది. దాని మీద పడిన వెలుతురులో ఎక్కువ భాగం లోపలికి దూరి, కాస్త వంగి, అవతలి వైపు నుంచి బయటపడుతుంది. వచ్చిన దారినే వెనక్కి మళ్లేది చాలా తక్కువ. నీటి తలం మీద సూటిగా పడిన కిరణంలో తిరిగొచ్చేది నూటికి 2 వంతులే. కెమెరా పక్కన లైటు పెడితే మనకు అందేది ఆ కొంచెమే. పైగా ఆ లైటు వెనకున్న గోడను వెలిగిస్తుంది, తెల్లటి గోడ ముందు చుక్క కలిసిపోతుంది. అదే లైటును వానకు అవతల, కెమెరా వైపు చూసేట్టు పెడితే వంగి వచ్చే వెలుతురంతా మన వైపే వస్తుంది. కెమెరా చూపు గీతకు 30 డిగ్రీల దగ్గర్లో ఉంటే చుక్కలు బాగా మెరుస్తాయి. పక్కకు జరిగేకొద్దీ మెరుపు తగ్గిపోతుంది, 80 డిగ్రీలు దాటితే దాదాపు ఏమీ మిగలదు. వెనక నల్లగా ఉండాలి. వేపచెట్టు నీడో, మూసిన షట్టరో చాలు.

ఇక్కడే భద్రత సంగతి మొదలవుతుంది. వాన కనబడాలంటే లైటు తడి ప్రాంతానికి అవతల ఉండాలి, అంటే కరెంటు వైరు కూడా అటే పోవాలి. లైటు ఎక్కడ పెట్టాలో, వైరు ఎటు నుంచి రావాలో, నీళ్లు ఎక్కడ పడాలో ఒకే కాగితం మీద గీసుకోవాలి. విడివిడిగా అనుకుంటే ఏదో ఒక జాయింటు తడిలోకి వచ్చి తీరుతుంది.

మన గల్లీకి ఇలా గీద్దాం. కెమెరా గల్లీ ఈ చివర, 1.5 మీటర్ల ఎత్తులో. దానికి 2.5 మీటర్ల ముందు వాన తెర. 4 మీటర్ల దూరంలో గొడుగు మనిషి. 9 మీటర్ల దగ్గర, 3 మీటర్లు పక్కకు, ఎదురింటి మొదటి అంతస్తు కిటికీ. లైటు ఆ కిటికీ లోపల, గదిలోనే ఉంటుంది. అక్కడి నుంచి వెలుతురు వాన తెరను 30 డిగ్రీలకు కాస్త పైన తాకుతుంది. కిటికీ ఫ్రేముకు పైన ఉంటుంది కాబట్టి కెమెరాకు కనబడదు. ప్లగ్గు, వైరు, లైటు మూడూ పొడిగదిలోనే. బయట వీధిలో 230 వోల్టులది ఏదీ ఉండదు. ఇంత మంచి కిటికీ దొరకకపోతే వేరే గల్లీ వెతకడం మేలు. స్టాండు మీద పెట్టి పాలిథీన్ చుట్టడం కంటే అది తేలిక.

లైటు 50 వాట్ల ఎల్ఈడీ ఫోకస్ ఒకటి చాలు. గణపతి మండపాల దగ్గర వాడేదే. ముఖానికి ఇంకో లైటు అక్కర్లేదు. మనిషికి ఎడమ పక్కన, ఫ్రేము బయట ఒక తెల్ల థర్మోకోల్ షీటు పట్టుకుంటే కిటికీ వెలుతురే ముఖం మీదికి మళ్లుతుంది. చాయ్ దుకాణంలో లైటు వెలగాలనుకుంటే బ్యాటరీతో నడిచేది పెట్టండి. పాత హాలోజన్ లైట్ల జోలికి పోవద్దు. కాలిన గాజు మీద ఒక్క చుక్క పడినా పగలొచ్చు.

కిటికీ గదిలోని బోర్డుకైనా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఇంట్లో ఎంసీబీ ఉంది కదా అంటారు. 16 ఆంపియర్ల ఎంసీబీకి మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు లెక్కలోకే రాదు. తడిసిన ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓములనుకుంటే, 230 వోల్టులకు పోయేది పావు ఆంపియరు లోపే. అది ప్రాణం తీయడానికి చాలు, ఎంసీబీ పడిపోవడానికి చాలదు. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడా కనిపెట్టేది ఆర్‌సీసీబీ ఒక్కటే. లైటు పెట్టే ముందు దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. పడిపోకపోతే ఆ బోర్డు వద్దు.

ఇప్పుడు నీళ్లు. మన ఇంటి డాబా మీద ట్యాంకులో నీటి మట్టం నేల నుంచి 8 మీటర్లు. వాన పైపు మొదటి అంతస్తు పిట్టగోడ మీదికి, అంటే 4.5 మీటర్లకు వస్తుంది. మిగిలిన ఎత్తు 3.5 మీటర్లు. మన దగ్గరున్న ఒత్తిడి అంతే. పైపు మూతి ఎంత బిగించినా నీళ్లు ట్యాంకు మట్టం దాటి పైకి లేవవు.

ఉన్న ఆ కొంచెం ఒత్తిడిని తినేసేది తోట పైపే. నిమిషానికి 12 లీటర్లు పారించాలంటే, 15 మీటర్ల అరంగుళం పైపులో రాపిడికే 4 మీటర్ల పైచిలుకు ఎత్తు పోతుంది. మనకున్నదే మూడున్నర. అందుకే అరంగుళం పైపు బిగించిన చోట నీళ్లు బొటబొటా కారి ఊరుకుంటాయి. అదే ముప్పావు అంగుళం పైపులో పోయేది అర మీటరు చిల్లర. ఈ ఒక్క మార్పు మోటారు అవసరాన్నే తీసేస్తుంది. మోటారు లేదంటే తడిలో ఇంకో కరెంటు వైరు లేనట్టే. బిగించాక ఒకసారి 20 లీటర్ల బకెట్టు పెట్టి, ఫోనులో టైము చూడండి. నిమిషం నలభై సెకన్లలో నిండితే నిమిషానికి 12 లీటర్లు వస్తున్నట్టు.

చివరన వాన పైపుగా బిగించేది 2 మీటర్ల ముప్పావు అంగుళం పీవీసీ పైపు. ఒక మూతికి ఎండ్ క్యాప్, రెండో మూతికి తోట పైపు. 1.5 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టుతో, 8 సెంటీమీటర్లకొకటి చొప్పున 24 రంధ్రాలు. ఈ ఒత్తిడికి ఒక్కో రంధ్రం నుంచి నిమిషానికి సుమారు అర లీటరు వస్తుంది. అన్నీ కలిపితే మన 12 లీటర్లు. ఇంకా దట్టంగా కావాలని నలభై రంధ్రాలు చేస్తే, ఎక్కువ నీళ్లు పారి పైపులో రాపిడి పెరుగుతుంది కాబట్టి ఒత్తిడి తగ్గి, ధారలు అంత ఎత్తుకు లేవవు, ట్యాంకూ త్వరగా ఖాళీ అవుతుంది.

రంధ్రం కొలత ఊరికే చెప్పింది కాదు. సన్నటి నీటిధార తనంతట తాను నిలవలేదు, తలతన్యత దాన్ని నొక్కి చుక్కలుగా తెంపేస్తుంది. అలా తెగిన చుక్క ధార మందానికి రెండింతలకు కొంచెం తక్కువ ఉంటుందని 19వ శతాబ్దంలోనే రేలీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త లెక్క కట్టాడు. ఒకటిన్నర మిల్లీమీటర్ల ధారకు 2.8 మిల్లీమీటర్ల చుక్క. నిజం వానలోని పెద్ద చుక్క అంతే ఉంటుంది. తోట స్ప్రే గన్నును మంచు తుంపర మీద పెడితే అర మిల్లీమీటరు కూడా లేని చుక్కలు వస్తాయి. అవి కింద పడవు, గాలికి కొట్టుకుపోతాయి. వెనక లైటుతో చూస్తే అచ్చం పొగ. బొటనవేలు అడ్డం పెట్టి చిమ్మితే పలకలు పలకలుగా, ఏటవాలుగా వస్తుంది.

రంధ్రాలు ఆకాశం వైపు, కాస్త అటూ ఇటూ వాలి ఉండాలి. ధార పైకి లేచి, అక్కడ వేగం తగ్గి, చుక్కలుగా తెగి తన బరువుతో పడుతుంది. అలా పడినదే నిటారుగా దిగుతుంది. ఫ్రేములోకి వచ్చేసరికి దాని వేగం సెకనుకు 6 మీటర్ల దగ్గర ఉంటుంది. సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 పెడితే ఒక్కో చుక్క 12 సెంటీమీటర్ల గీతగా వస్తుంది, కంటికి వానలా అనిపించే పొడవు అది. ఫోను ఆటో మీద వదిలేస్తే షట్టరు దాని ఇష్టం. 1/500కు పోతే గీతలు కాస్తా చుక్కలై మంచు రాలినట్టుంటుంది. గీత మధ్యలో తెగి రెండు ముక్కలుగా కనబడితే తప్పు నీళ్లది కాదు. ఆ ఎల్ఈడీ మన 50 హెర్ట్జ్ కరెంటుతో సెకనుకు 100 సార్లు ఆరి వెలుగుతోందని అర్థం. లైటు మార్చాలి.

తెర వెడల్పు 2 మీటర్లే కదా, ఫ్రేము నిండుతుందా? ఫోనులో మామూలు లెన్సుకు నిండదు. 2.5 మీటర్ల దగ్గర అది దాదాపు మూడున్నర మీటర్లు చూస్తుంది. 2ఎక్స్ లెన్సు 1.8 మీటర్లే చూస్తుంది కాబట్టి తెర సరిపోతుంది. మనిషి మీద పడేది నిజానికి వాన కాదు, ఆయన తెరకు మీటరున్నర వెనక పొడిలో ఉన్నాడు. షాటు మొదలయ్యే ముందు గొడుగు మీద ఒక చెంబు నీళ్లు పోస్తే అంచుల నుంచి కాసేపు కారుతుంది. నేల మాత్రం అంతా తడపాలి. తడి నేల మీద కిటికీ లైటు పొడుగ్గా మెరిస్తేనే నమ్మకం కుదురుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ సీసీ రోడ్డు రాత్రి తొమ్మిదికి కూడా వేడిగానే ఉంటుంది, పావుగంటలో ఆరిపోతుంది. టేకు టేకుకూ తడపాల్సిందే. దుకాణం మెట్టు నున్నటి బండదైతే తడిపాక ఒకసారి చెప్పుతో జారించి చూడండి. జారితే మనిషిని రోడ్డు మీదికే దింపాలి.

తెర కింద మూడు చదరపు మీటర్ల మీద నిమిషానికి 12 లీటర్లంటే 4 మిల్లీమీటర్ల వాన. వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం అంటుంది. మన తెర కింద అది పదహారు నిమిషాల పని. ఒక్కో టేకుకు నిమిషం చొప్పున 12 టేకులకు 144 లీటర్లు. రిహార్సలుకు, నేల తడపడానికి కలిపి 400 లీటర్లు ఉంచుకోవాలి. ట్యాంకు ఖాళీ అవుతుంటే మట్టం దిగి ఒత్తిడి కూడా తగ్గుతుంది కాబట్టి దగ్గరి షాట్లు చివరికి పెట్టుకోవాలి.

వాన పైపును 4 మీటర్ల వెదురు బొంగుకు కట్టి, రెండున్నర మీటర్లు గల్లీ మీదికి చాచి, లోపలి చివరను ఇసుక బస్తాలతో అదిమి పిట్టగోడకు తాడుతో కూడా కట్టాలి. పగలే ఒకసారి పైకి చూడండి. మన గల్లీల్లో కరెంటు తీగలు పిట్టగోడకు చేయి చాపేంత దగ్గర్లో పోతుంటాయి. బొంగు ఎటు తిరిగినా, జారినా చేరగలిగే దూరానికి ఇంకో 3 మీటర్లు కలుపుకుని, అంతలో తీగ ఏదైనా ఉంటే ఆ చోటు వదిలేయాలి. తడి వెదురు కరెంటును ఆపుతుందని అనుకోవద్దు. ఇనుప నిచ్చెన అసలే వద్దు.

బాల్ వాల్వు పిట్టగోడ దగ్గర, వాన పైపుకు దగ్గర్లో ఉండాలి. ట్యాంకు దగ్గరి నల్లా తిప్పితే నీళ్లు రావడానికీ ఆగడానికీ చాలా సేపు పడుతుంది. వాల్వు తెరిచాక మొదట గాలి, తర్వాత ఉమ్మినట్టు నీళ్లు వస్తాయి. ధారలన్నీ ఒకే ఎత్తుకు లేచాక పది సెకన్లు ఆగి అప్పుడు యాక్షన్ చెప్పాలి. మొదటి టేకుకు ముందే ఎండ్ క్యాప్ విప్పి ఒక నిమిషం పారించండి. డ్రిల్లు చేసినప్పటి పీవీసీ పొట్టు లోపల ఉంటుంది. అది చివరి రంధ్రాల్లో ఇరుక్కుంటే తెరకు ఒక పక్క ఖాళీ పడుతుంది, ఆ ఖాళీ ఎడిటింగులోనే కనబడుతుంది.