C మైనస్ వచ్చిందని రీడింగులు దిద్దకండి: కౌషీ ఫిట్‌పై అపోహలు - వాస్తవాలు

ప్రాక్టికల్స్ రోజులొచ్చాయంటే చాలు, పిల్లల నుంచి ఒకటే ప్రశ్న: "సార్, C మైనస్ వచ్చింది. ప్రయోగం తప్పినట్టేనా?" మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు ఆప్టిక్స్ ల్యాబ్ చేయిస్తుంటాను. స్పెక్ట్రోమీటర్ మీద పట్టకం పెట్టి, పాదరస దీపం వెలిగించి, ఒక్కో గీతకు మినిమం డీవియేషన్ పట్టడం వాళ్లకు బాగానే వస్తుంది. తర్వాత గాజు వక్రీభవన గుణకం n తరంగదైర్ఘ్యం λతో ఎలా మారుతుందో చెప్పే n = A + B/λ² + C/λ⁴ అనే కౌషీ సూత్రాన్ని కంప్యూటర్లో ఫిట్ చేసి, A, B, C స్థిరాంకాలకు వచ్చిన అంకెలు చూసి బెంబేలెత్తుతారు.

అచ్చంపేట వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి రీడింగులు చాలా ఓపికగా తీసింది. C మైనస్ వస్తే ఎగ్జామినర్ మార్కులు కట్ చేస్తాడని హాస్టల్లో ఎవరో చెప్పారట. రికార్డు చూస్తే నీలం గీత గడిలో కాగితం రబ్బరుకు అరిగి పలచబడింది, వెనక పేజీ అక్షరాలు కనబడుతున్నాయి. C ప్లస్ అయ్యేదాకా ఆ ఒక్క రీడింగును మారుస్తూ పోయింది. ఆమె భయం నాకు అర్థమైంది. కానీ చెరిగిపోయింది మంచి రీడింగు. ఇలాంటి పుకారు పుట్టించేవాళ్ల మీద మాత్రం నాకు ఓపిక లేదు.

అపోహ: ఎన్ని పదాలు కలిపితే అంత మంచి ఫిట్. C తప్పకుండా ఉండాలి, అదీ ప్లస్‌లోనే ఉండాలి.

వాస్తవం: మన స్పెక్ట్రోమీటర్‌తో, మామూలు క్రౌన్ గాజుకు, C విలువ తెలుసుకోవడం కుదరదు. ఎందుకో లెక్కతోనే చూద్దాం.

బీకే7 అనే క్రౌన్ గాజు కేటలాగ్ విలువలు తీసుకుందాం. పాదరస దీపంలో 404.7 నానోమీటర్ల ఊదా గీతకు n = 1.5302. 435.8 దగ్గర నీలానికి 1.5267. 546.1 దగ్గర ఆకుపచ్చకు 1.5187. పక్కపక్కనే ఉండే రెండు పసుపు గీతలకు కలిపి సగటున 578 అనుకుంటే 1.5172. λను మైక్రోమీటర్లలో పెట్టి, A, B రెండే ఉంచి ఫిట్ చేస్తే A = 1.5047, B = 0.0042 వస్తాయి. ఫిట్ గీతకూ అసలు విలువలకూ తేడా ఎక్కడా 0.00003 దాటదు.

ఇప్పుడు మన వెర్నియర్ సంగతి చూడండి. లీస్ట్ కౌంట్ ఒక నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. 60 డిగ్రీల పట్టకంతో, ఈ గాజుకు, డీవియేషన్‌లో ఒక నిమిషం తప్పితే nలో సుమారు 0.0002 తేడా వస్తుంది. అంటే రెండు పదాల సూత్రంలో మిగిలిపోయే తేడా మన కొలత పొరపాటులో పదో వంతు మాత్రమే. మూడో పదం పట్టుకోవాల్సింది ఆ పదో వంతునే. మన పరికరానికి అది కనబడదు.

అయినా C పెట్టామనుకోండి, ఏమవుతుంది? నీలం గీత డీవియేషన్ 39°31' ఉండాల్సిన చోట 39°32' చదివారనుకుందాం. ఎవరికైనా జరిగేదే. రెండు పదాల ఫిట్‌లో B 0.00418 నుంచి 0.00421 అవుతుంది, A నాలుగో దశాంశ స్థానంలో కాస్త కదులుతుంది. అంతే. అదే మూడు పదాల ఫిట్‌లో B 0.0041 నుంచి 0.0049కి ఎగబాకుతుంది. A 1.5049 నుంచి 1.5032కి పడిపోతుంది. ఇక C? 0.00001 దరిదాపుల్లో ఉండాల్సింది మైనస్ 0.00008 దగ్గర తేలుతుంది. ఒక్క నిమిషం తప్పుకే ఇంత!

నాలుగు రీడింగుల్లోనూ ఒక్కో నిమిషం అనిశ్చితి ఉందనుకొని లెక్క కడితే, రెండు పదాల ఫిట్‌లో Bకి 2 శాతం, మూడు పదాల ఫిట్‌లో 27 శాతం వస్తుంది. కారణం ఇది: 0.40 నుంచి 0.58 మైక్రోమీటర్ల మధ్య 1/λ², 1/λ⁴ రెండూ దాదాపు కలిసే పెరుగుతాయి. ఎవరి వాటా ఎంతో విడదీయడానికి డేటాలో సమాచారం చాలదు. C కిందికి దిగితే B పైకి లేచి సర్దుకుంటుంది, ఫిట్ గీత మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. అందుకే ఆ మైనస్ మీ తప్పు కాదు. C ± పొరపాటు అని రాస్తే అందులో సున్నా కూడా ఇమిడిపోతుంది. అప్పుడు C తీసేసి రెండు పదాలతో మళ్లీ ఫిట్ చేయండి.

C నిజంగా కావాల్సిన సందర్భాలూ ఉన్నాయి. రెండు పదాల ఫిట్ చేశాక, కొలిచిన nలోంచి ఫిట్ n తీసేసి నాలుగు శేషాలను λ వరుసలో రాయండి. అవి 0.0002 లోపలే గజిబిజిగా ఉంటే C అక్కర్లేదు. రెండు కొసల్లో ప్లస్, మధ్యలో మైనస్ వచ్చి, పరిమాణం 0.0005 దాటితే మూడో పదం అడుగుతున్నట్టు. ఎస్ఎఫ్10 లాంటి బరువైన ఫ్లింట్ గాజుతో సరిగ్గా ఇలాగే వస్తుంది. మీ పట్టకం ఏ రకమో తెలియకపోయినా ఈ శేషాలే చెబుతాయి.

అపోహ: A అంటే అనంత తరంగదైర్ఘ్యం దగ్గర గాజు వక్రీభవన గుణకం.

వాస్తవం: సూత్రంలో λ పెంచుకుంటూ పోతే A మిగులుతుంది, నిజమే. గాజు ఆ సూత్రాన్ని అంతదూరం పాటించదు. బీకే7కి మనకొచ్చిన A 1.5047. కానీ 1.53 మైక్రోమీటర్ల దగ్గర కేటలాగ్ విలువ 1.5009, 2.3 దాటేసరికి 1.489. గుణకం A కన్నా కిందికే దిగిపోయింది! సుమారు 10 మైక్రోమీటర్ల దగ్గర గాజు పరారుణ కాంతిని బలంగా శోషించుకుంటుంది. దాని లాగుడు ఇక్కడిదాకా తెలుస్తుంది. కౌషీ సూత్రంలో దానికి చోటే లేదు, సెల్‌మయర్ సూత్రంలో ఉంది. కాబట్టి వైవాలో అడిగితే, A అనేది మనం కొలిచిన పరిధికి సరిపడే ఫిట్ స్థిరాంకం అని చెప్పండి. పొడవాటి కర్రను ఒక కొస దగ్గర పట్టుకొని కొంచెం కదిపితే రెండో కొస ఎక్కువ ఊగినట్టు, A అనిశ్చితి కూడా ఒక్కో n అనిశ్చితి కన్నా ఎక్కువే, ఇక్కడ సుమారు 0.0004.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పక్కవాడి B 4200, మీది 0.0042 వచ్చిందని కంగారు వద్దు. వాడు నానోమీటర్లలో వేశాడు, మీరు మైక్రోమీటర్లలో. పాత రికార్డుల్లో కనబడే 4.2 × 10⁻¹¹ సెం.మీ² కూడా అదే. పక్కన యూనిట్ రాయకపోతే మాత్రం తప్పే.

ఫిట్ ఎంత బాగా కుదిరిందో చెప్పే R² 0.999 వచ్చిందంటే అంతా సరే అనుకునేవాళ్లూ చాలామంది. మూడు గీతలే కొలిచి మూడు స్థిరాంకాలు ఫిట్ చేస్తే, రీడింగులు ఎలా ఉన్నా R² సరిగ్గా 1 వస్తుంది. అంతకన్నా ముఖ్యం, పట్టకం కోణంలో తప్పు R²కి తెలియదు. కోణం 5 నిమిషాలు ఎక్కువ కొలిస్తే నాలుగు n విలువలూ దాదాపు సమానంగా 0.001 తగ్గుతాయి. గీత అందంగానే కూర్చుంటుంది, B దాదాపు మారదు, తప్పంతా Aలోకి పోతుంది. మీ B కేటలాగ్‌తో సరిపోయి A మాత్రం తేడా వస్తే, రంగుల రీడింగుల జోలికి పోకుండా ముందు పట్టకం కోణం మళ్లీ కొలవండి.