ఇంట్లో ఆరు నిమిషాల వీడియో, బళ్ళో రెండు బకెట్ల నీళ్ళు

ఒంటరిగా విని అర్థం చేసుకోగలిగినది ఇంటికి, పక్కవారితో వాదించి తేల్చుకోవలసినది తరగతికి కేటాయించడమే మిశ్రమ బోధనలోని ‘ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్’ పద్ధతి. 2007లో అమెరికాలోని కొలరాడోలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే రసాయనశాస్త్ర ఉపాధ్యాయులు బడికి రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడంతో ఇది ప్రచారంలోకి వచ్చింది. వీడియో తీయడం సులువే. దాన్ని తరగతితో ముడిపెట్టే ప్రశ్నను తయారుచేయడమే కష్టం.

విశాఖలో తొమ్మిదో తరగతికి ఆర్కిమెడిస్ సూత్రం చెప్పాలనుకుందాం. ఆరు నిమిషాల వీడియోలో ఒకే విషయం ఉండాలి: నీరు వస్తువును పైకి నెట్టే బలం, ఆ వస్తువు తొలగించిన నీటి బరువుకు సమానం. చివర, పిల్లలు చీటీ మీద కారణంతో సహా జవాబు రాయవలసిన ఒక ప్రశ్న: ఒకే ఘనపరిమాణం గల ఇనుప దిమ్మెను, చెక్క దిమ్మెను నీటిలో పూర్తిగా ముంచి పట్టుకుంటే దేనిపై ఆ బలం ఎక్కువ? తేలేది చెక్క కనుక చెక్కపైనే అని చాలామంది రాస్తారు. నిజానికి రెండింటిపైనా సమానమే. తేడా వాటి బరువుల్లో ఉంది. ‘వీడియో చూశారా’ అని అడిగితే చేతులన్నీ లేస్తాయి కానీ, జవాబు కింద రాసిన కారణం చదివితేనే ఎవరికి ఎంత అందిందో తెలుస్తుంది.

ఆ చీటీలను టీచరు తరగతికి ముందే చూడాలి. హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ పాటించిన కొలత ఇక్కడ పనికొస్తుంది: సుమారు 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా రాస్తే పక్కపక్కవారిని చర్చించుకోనివ్వాలి, అంతకన్నా తక్కువైతే మళ్ళీ వివరించాలి, ఎక్కువైతే ముందుకు సాగాలి.

తరువాత అసలు లెక్క. ఒక బకెట్‌లో కుళాయి నీళ్ళు, ఇంకొక దానిలో ఆర్కే బీచ్ నుంచి తెచ్చిన సముద్రపు నీళ్ళు ఉంటాయి. 100 చదరపు సెంటీమీటర్ల అడుగున్న డబ్బాలో ఇసుక పోసి, మొత్తం 500 గ్రాములు చేస్తే మంచినీటిలో అది 5 సెంటీమీటర్లు మునుగుతుంది. సముద్రపు నీటి సాంద్రత మంచినీటికి సుమారు 1.025 రెట్లు కనుక అక్కడ 4.88 సెంటీమీటర్లే మునగాలి. లెక్క అందరికీ వస్తుంది, స్కేలు మీద మాత్రం ఆ 1.2 మిల్లీమీటర్ల తేడా దొరకదు. ఊగే నీటిలో ఒక్కొక్క జట్టు ఒక్కొక్క అంకె చెబుతుంది. ఇక్కడ జవాబు చెప్పేయకుండా, తేడా పెద్దదిగా కనబడాలంటే డబ్బా ఎలా ఉండాలని అడగాలి. రెండు చివరలా మూసిన సన్నని పైపులో ఇసుక పోసి 20 సెంటీమీటర్లు మునిగేలా చేస్తే తేడా దాదాపు 5 మిల్లీమీటర్లవుతుంది. ఈ ఆలోచన వీడియోతో రాదు, పిల్లలు కొలిచి విసిగాకే వస్తుంది.

వీడియో చూడనివారి కోసం తరగతి మొదట్లో పాఠమంతా తిరిగి చెబితే, రెండో వారానికల్లా చూసేవారూ మానేస్తారు. ఫోను నాన్నతో డ్యూటీకి వెళ్ళే ఇళ్ళున్నాయి; అలాంటి పిల్లలకు బడి కంప్యూటరులో, వెనుక బెంచీ దగ్గర ఆ ఆరు నిమిషాలు చూపించి, ఆపైన జట్టులో కలపాలి.

రెండో రోజు వీడియో, మొదటి రోజు పిల్లలు తడబడ్డచోట మొదలవ్వాలి. దాని చివరి ప్రశ్న ఇలా ఉండవచ్చు: సముద్రంలో 10 మీటర్లు మునిగిన ఓడ మంచినీటి నదిలోకి వెళితే ఇంకా సుమారు 25 సెంటీమీటర్లు దిగుతుంది, మరి ఓడ ఎంతవరకు మునగవచ్చో చూపుతూ దాని పక్కన గీసిన గీతల్లో మంచినీటి గీత సముద్రపు గీతకు పైన ఉండాలా, కింద ఉండాలా?