తిట్టిన ప్రతివాడికీ జవాబివ్వాలా? భక్తి వీడియోల కింద కామెంట్లు: అపోహలు - వాస్తవాలు

భక్తి ఛానెళ్ల కామెంట్లు చూసుకోవడం నా పని. గుళ్లవీ ఉన్నాయి, చర్చిలవీ ఉన్నాయి. ఏ మతం వారైనా మొదట అడిగేది ఒకటే: "మన దేవుణ్ణి అంత మాట అంటే ఊరుకోవాలా?"

అపోహ: గట్టిగా జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఒక చర్చి గాయక బృందం క్రిస్మస్ ముందు రాత్రి యూట్యూబ్‌లో పాట పెట్టింది. కాసేపటికే ఎవరో "గొర్రెలు మేతకొచ్చాయి, బియ్యం మూటకు అమ్ముడుపోయారు" అని రాశాడు. యువకులు ఊరుకోలేదు. ఒకడు విగ్రహారాధన మీద నోరు జారాడు, ఇంకొకడు అవతలివాడి తల్లిని లాగాడు. తెల్లారేసరికి ఆ గొడవే అన్నిటికంటే పైన కనిపిస్తోంది. స్క్రీన్‌షాట్లుగా ఊరంతా తిరిగినవి మాత్రం మనవాళ్ల జవాబులు. మొదట తిట్టినవాడి మాట ఎవరికీ గుర్తు లేదు. పాస్టరుగారు వణుకుతున్న గొంతుతో ఫోన్ చేశారు.

మొదట ఆ కామెంటును లింకుతో, సమయంతో సహా స్క్రీన్‌షాట్ తీయించాను. తర్వాత దాన్ని తొలగించాం. మూల కామెంటు పోతే దాని కింది జవాబులన్నీ పోతాయి కాబట్టి మనవాళ్ల బూతులూ వాటితోనే పోయాయి. తిట్టినవాడికి Hide user from channel పెట్టాం. ఊరికే తొలగిస్తే చూసుకుని రెట్టింపు కోపంతో వస్తాడు. దాచిపెడితే అతనికి కబురు వెళ్లదు, రాసుకుంటూనే ఉంటాడు, చదివేవారే ఉండరు. నోరు జారిన మన యువకుడినీ అలాగే దాచాం. పాస్టరుగారికి అది మింగుడుపడలేదు. కానీ నియమం మనవాళ్లకు వర్తించకపోతే బయటివాళ్లు దాన్ని ఎందుకు నమ్ముతారు?

చివరగా ఈ మాట పిన్ చేశాం: "పాట మీద, మా విశ్వాసం మీద ప్రశ్నలు అడగండి, విమర్శించండి. ఏ మతం వారినైనా, కులాన్నైనా, కుటుంబాన్నైనా కించపరిచే మాటలు, బెదిరింపులు తొలగిస్తాం. రాసింది మా సంఘస్థులైనా సరే." నియమావళి అంటే ఇంతే. పేజీలకు పేజీలు రాస్తే ఎవరూ చదవరు.

ఆ గొడవలోనే "క్రైస్తవులకు కర్ణాటక రాగాలెందుకు?" అని ఒకరు విడిగా అడిగారు. వెటకారం ఉంది, కానీ అది ప్రశ్నే. దానికి జవాబు: "నమస్కారమండీ. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారి వంటివారు రాసిన తెలుగు క్రైస్తవ కీర్తనలు కర్ణాటక రాగతాళాల్లోనే ఉన్నాయి. మాకు అది వారసత్వంగా వచ్చిన సంగీతం. విన్నందుకు సంతోషం." ఒక్కసారే జవాబు. మళ్లీ రెచ్చగొడితే: "మా మాట పైన చెప్పామండీ, ఇక్కడితో ఆపుతున్నాం." అంతే, మూడో జవాబు లేదు. మీరు రాసేది తిట్టేవాడి కోసం కాదు, మౌనంగా చదువుతున్న మిగతావారి కోసం.

అపోహ: తిట్ల జాబితా ఇచ్చేస్తే యూట్యూబే చూసుకుంటుంది.

సగమే నిజం. "గొర్రె" అనేది క్రైస్తవుల మీద వాడే తిట్టని ఆ మాటను నిషేధిత పదాల్లో పెట్టారనుకోండి, "దేవుని గొర్రెపిల్లకు స్తోత్రం" అని రాసిన ముసలావిడ కామెంటూ ఆగిపోవచ్చు. పైగా తెలుగులో విభక్తులు, బహువచనాలు కలిసి మాట రూపం మారుతుంది. సగంమంది ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తారు, మధ్యలో చుక్కలు పెడతారు. అందుకే "గొర్రె బిడ్డలు", "బియ్యం మూట" లాంటి జంట పదాలను తెలుగులోనూ ఇంగ్లిషు అక్షరాల్లోనూ నాలుగైదు రూపాల్లో ఇవ్వాలి. ఆగిన కామెంట్లను రోజూ ఒక మనిషి చూడాలి. అరవై రోజుల వరకే అవి సమీక్షలో ఉంటాయి, పట్టించుకోకపోతే ముసలావిడ స్తోత్రమూ పోతుంది.

అపోహ: కామెంట్లు ఎక్కువైతే వీడియో పైకి వెళుతుంది, తిట్లయినా ఉంచాలి.

తిట్లు చూసి కామెంట్లు రాయడం మానేసిన భక్తులను మీరు లెక్కపెట్టలేదు. ఇంతకంటే చెప్పను.

అపోహ: 66ఏ కింద వెంటనే అరెస్టు చేయించవచ్చు.

ఈ వాట్సాప్ సందేశానికి చావు లేదు. ఐటీ చట్టంలోని ఆ సెక్షనును సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. మతాల మధ్య శత్రుత్వం రేపడానికి ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 196, మత భావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరచడానికి 299 ఉన్నాయి. ప్రతి వెకిలి మాటా వాటి కిందకు రాదు. "ఆదివారం మీ చర్చికి వస్తాం, చూసుకోండి" లాంటి బెదిరింపు వస్తే మాత్రం జవాబివ్వకండి, వెంటనే తొలగించకండి. ముందు లింకు, ఖాతా పేరు, సమయం భద్రపరిచి పోలీసు స్టేషనుకు గానీ cybercrime.gov.in కు గానీ వెళ్లండి. భయపడటంలో తప్పులేదు, ఒంటరిగా వెళ్లకండి.

పండగ రాత్రుల్లో చూసే మనిషి దొరకకపోతే ఆ ఒక్క వీడియోకు కామెంట్లన్నీ సమీక్షకు ఆగేలా పెట్టి పడుకోండి. పొద్దున కాఫీ తాగాక విడుదల చేయవచ్చు.